దేవుడి గూట్లో బీమావారి మాట

దశరథ్ ఎవరి కాలైనా తొక్కితే సారీ చెబుతాడు. అందులో వింతేమీ లేదు. ఎవరైనా తన కాలు తొక్కినా ముందు తనే సారీ చెబుతాడు. డ్యూసెల్‌డార్ఫ్ ట్రాముల్లో ఈ అలవాటు పుణ్యమా అని ఎంతోమంది జర్మన్లు, తప్పు తమదేనని తెలిసి కూడా, "ఫర్వాలేదులే" అని అతణ్ణి క్షమించి తమ స్టాపులో దిగిపోయారు.

ఈ గుణం అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి గోవిందరాజులు జగిత్యాల తహసీల్దారు ఆఫీసు ఎదుట, జిరాక్స్ షాపు రేకుల కింద బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడు. ఆయన అర్జీలకు ఒక పద్ధతి ఉండేది. తప్పు ఆఫీసుదే అయినా సరే, అర్జీదారుదే అన్నట్టు మొదలుపెట్టాలి. పట్టా పాసుబుక్కులో గుమాస్తా పేరు తప్పు రాస్తే, "నా అజ్ఞానం వలన నా పేరును స్పష్టముగా పలకలేకపోయినందున" అని రాసేవాడు. తన పొరపాటును ఎవరూ చూడలేదన్న ధైర్యం కలిగితే ఆఫీసులో సారు దాన్ని తనే దిద్దేవాడు.

"సారు మొకం మనం కాపాడితె, మన పని సారు కాపాడ్తడు బిడ్డా" అని ఆయన కొడుక్కి చెప్పేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. జగిత్యాలలో ఆయన రాసిన అర్జీ ఉత్త చేతులతో తిరిగి రావడం అరుదు.

దశరథ్ ఆ అర్జీలకు నకళ్ళు రాస్తూ పెరిగాడు. తర్వాత గనుల చదువు అని జర్మనీలోని ఫ్రైబర్గ్ వెళ్ళి, రెండేళ్ళు రాళ్ళ రకాలు నేర్చుకుని, పట్టా చేతికి రాగానే అందరిలాగే కంప్యూటర్ల ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక కంపెనీలో, కంప్యూటరు మొరాయించినవాళ్ళు పెట్టుకునే ఫిర్యాదుల విభాగానికి మేనేజరు. ఆ విభాగానికి అతనే ఒక నియమం తెచ్చాడు. ముగిసిన ఫిర్యాదు ముగిసినట్టే. మళ్ళీ ఏమైనా చెప్పుకోవాలంటే కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు. దాంతో పాత ఫిర్యాదులన్నీ కాగితం మీద చకచకా ముగిసిపోయాయి. పైవాళ్ళు సంతోషించి అతనికి ఒక గాజు ఫలకం బహూకరించారు. అది హాల్లో టీవీ పక్కన ఉంటుంది.

2020 జనవరిలో అతని తల్లి భానుమతి కొడుకునూ కోడలినీ చూసిపోదామని వచ్చింది. విజిటర్ వీసా, మూడు నెలలకు సరిపడా ఆరోగ్య బీమా. మార్చి వచ్చేసరికి కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. వెళ్ళడానికి దారిలేని అతిథులు వీసా గడువు దాటినా ఉండవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ మొదట్లో ఒకరోజు భోజనం చేసి లేచిన భానుమతి, కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని అలాగే కూలబడింది. డాక్టరు స్కానింగ్ చేసి పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నాడు. ఆపరేషన్ చేయాలి, అయితే ఆస్పత్రులు మంచాలన్నీ కరోనాకు అట్టిపెట్టుకున్నాయి కాబట్టి నొప్పి తగ్గినవాళ్ళు ఆగాలి. అంతవరకు నూనె, నెయ్యి మానేయాలి.

"నెయ్యి లేని పప్పు తిననీకా నేను సముద్రాలు దాటి వచ్చింది?" అంది భానుమతి.

బీమా గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా దశరథ్‌కు భయం పట్టుకుంది. పొడిగించుకోవచ్చు, నిజమే. కానీ పొడిగించిన బీమాను కొత్త బీమాగా లెక్కగడితే, ఈ రాళ్ళు పాత జబ్బు అవుతాయి. పాత జబ్బుకు బీమా వర్తించదు. ఈ సంగతి డబ్బు కట్టకముందే అడిగి తేల్చుకోవాలనుకున్నాడు. బీమా కంపెనీ వెబ్‌సైటులో ప్రశ్న రాసే గడి ఒకటుంది. దానికి అక్షరాల హద్దు ఉంది. దశరథ్ రాసిన క్షమాపణలు అందులో పట్టలేదు. కోసుకుంటూ కోసుకుంటూ పోగా చివరికి సూటి ప్రశ్న ఒక్కటే మిగిలింది. "మొదటి గడువులో బయటపడిన పిత్తాశయ రాళ్ళకు పొడిగించిన గడువులో ఆపరేషన్ జరిగితే బీమా వర్తిస్తుందా?"

సూటిగా అడిగినందుకు జవాబు కూడా సూటిగానే వచ్చింది. హెర్ పీటర్సన్, అంటే పీటర్సన్ గారు, ఇలా రాశాడు: "వర్తిస్తుంది. మధ్యలో ఖాళీ లేకుండా పొడిగిస్తే దానిని మొదటి బీమాకు కొనసాగింపుగానే పరిగణిస్తాము. మొదటి గడువులో తొలిసారి బయటపడిన జబ్బుకు, వైద్యపరంగా అవసరమైన ఆపరేషన్‌తో సహా, పొడిగించిన గడువులోనూ వర్తిస్తుంది."

దశరథ్ పొడిగింపు డబ్బు కట్టి, ఆ మెయిల్‌ను ప్రింటు తీసి తల్లికి చదివి వినిపించాడు. ఆమె ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, వంటగది అల్మరా పై అరలో దేవుడి పటాల పక్కన నిలబెట్టి, పైన కుంకుమ బొట్టు పెట్టింది. రోజూ దీపం పెట్టేటప్పుడు దానికీ ఒక దండం పడేది.

కోడలు రాజ్యశ్రీది కాకినాడ. అత్తగారి పూజలో కొత్త దేవుణ్ణి చూసి, "అత్తయ్యా, ఈయనకేం నైవేద్యం పెట్టాలో?" అంది.

"బీమా దేవునికి నైవేద్యం ముందే కట్టినం బిడ్డా. ఇగ వరమే రావాలె."

మే నెల చివర్లో వరం అడిగే వేళ వచ్చింది. నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి వాంతులతో. ఆస్పత్రులు వాయిదా వేసిన ఆపరేషన్లు మొదలుపెట్టాయి. సర్జన్ చూసి, మూడోసారి వచ్చేదాకా ఆగొద్దన్నాడు. చీము పడితే మామూలుగా అయ్యే ఆపరేషన్ ప్రాణం మీదికి వస్తుంది. వచ్చే గురువారం ఖాళీ ఉంది, తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం, వెనక పెద్ద వరుస ఉంది.

ఆస్పత్రి చేర్పు విభాగంలో ఫ్రావ్ కొవాల్స్కి అనే ఆవిడ అద్దం వెనక, మాస్కు పైనుంచి చూస్తూ, ఖర్చు భరిస్తామని బీమా కంపెనీ నుంచి హామీపత్రం కావాలంది. దశరథ్ జేబులోంచి బొట్టు పెట్టిన కాగితం తీసి అద్దం కింది సందులోంచి జరిపాడు. ఆవిడ దాన్ని శ్రద్ధగా చదివింది. ఎర్రటి గుర్తు దగ్గర ఆగింది.

"ఈ స్టాంపు ఎవరిది?"

"అది... మా అమ్మది. సారీ."

"మీ అమ్మగారికి స్టాంపు వేసే అధికారం ఉందా?"

"మా ఇంట్లో ఉంది" అన్నాడు దశరథ్ నిజాయితీగా.

ఆవిడ నవ్విందో లేదో మాస్కు వల్ల తెలియలేదు. "మంచి కాగితమే. కానీ ఇది మీకు రాసింది. నాకు కావాల్సింది మాకు రాసింది, ఈ ఆపరేషన్ పేరుతో. మేం ఈరోజే వాళ్ళను అడుగుతాం. మంగళవారం మధ్యాహ్నంలోపు ఫ్యాక్సు రాకపోతే గురువారం జాగా ఇంకొకరికి ఇచ్చేస్తాను."

"ఫ్యాక్సా? మెయిల్ చేస్తే..."

ఆవిడ అతని వంక జాలిగా చూసింది. చంద్రుడి మీదికి రాకెట్ పంపుతారేమో గానీ, జర్మనీలో నమ్మకం ఫ్యాక్సు మీదే ప్రయాణిస్తుంది.

శుక్రవారం సాయంత్రం బీమా కంపెనీ నుంచి జవాబు వచ్చింది. సంతకం ఎవరిదీ లేదు. "మీరు తెలిపిన జబ్బు, ప్రస్తుత బీమా ప్రారంభ తేదీకి ముందే ఉన్నట్టు వైద్య నివేదిక వలన తెలియుచున్నది. కావున వర్తించదు. మీకు త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాము." ప్రస్తుత బీమా అంటే వాళ్ళ లెక్కలో పొడిగించిన ముక్క ఒక్కటే. హెర్ పీటర్సన్ ఏది కాదన్నాడో, సరిగ్గా అదే అయింది.

దశరథ్ చదివి వినిపిస్తుంటే భానుమతి దేవుడి గూటివైపు చూసింది.

"గా కాయితం ఇచ్చినోళ్ళు, గీ కాయితం ఇచ్చినోళ్ళు ఒక్కటేనా, వేరా?"

"ఒక్కటే అమ్మా."

"మరి వాళ్ళ కాయితం వాళ్ళకు సూపియ్యి."

"చూపిస్తానంటారు గానీ, ఎలా చూపిస్తారో చూద్దాం" అంది రాజ్యశ్రీ. ఆమెకు మొగుడి సంగతి తెలుసు. కూరలో ఉప్పు ఎక్కువైతే, "నా నాలుక ఇవాళ బాగాలేదనుకుంటా" అనే మనిషి.

ఇచ్చిన మాటను గుర్తుచేయడమంటే మాట తప్పారని మొహం మీదే అనడం కదా. దశరథ్‌కు అది మింగుడుపడలేదు. తండ్రి పద్ధతిలోనే రాశాడు. "గౌరవనీయులకు, మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు క్షమించగలరు. బహుశా నా వైపునుంచే ఏదో అపార్థం జరిగి ఉండవచ్చు. ఇంతకుముందు మీ నుంచి వేరొక సమాచారం అందినట్టు నాకు గుర్తు. నా అవగాహన పొరపాటైతే మన్నించి, వీలైతే మరొకసారి పరిశీలించగలరని మనవి." తిరస్కార పత్రం మీదున్న కొత్త నంబరు వేసి, మంచి జర్మన్‌లో, ఒక్క తప్పు లేకుండా పంపాడు. పీటర్సన్ మెయిల్‌ను జతచేయలేదు. అది జతచేస్తే మరీ సాక్ష్యం పెట్టి నిలదీసినట్టుంటుందని.

జగిత్యాలలో అయితే ఈ ఉత్తరం చదివిన సారు లోలోపల ఉలిక్కిపడి, పాత ఫైలు తెప్పించుకునేవాడు. సోమవారం పొద్దున్నే ఇక్కడి సారు జవాబిచ్చాడు.

"అపార్థం మీ వైపునుంచి జరిగిందని స్పష్టం చేసినందుకు ధన్యవాదాలు. ఇంతటితో ఈ విషయం ముగిసినదిగా భావిస్తున్నాము."

రాజ్యశ్రీ ఆ మెయిల్‌ను రెండుసార్లు చదివింది. "వాళ్ళను అనేదేముందండీ? మీరు తప్పు నాదే అన్నారు, వాళ్ళు సరే అన్నారు. ఇంత మర్యాదగా ఒప్పుకున్నవాళ్ళను నేనెక్కడా చూళ్ళేదు."

"అది మర్యాదకు రాసింది రా రాజీ."

"ఆ మర్యాద తెలుగులో రాయాల్సింది. జర్మన్‌లో రాస్తే నిజమే అనుకుంటారు వీళ్ళు."

దశరథ్ ఆఫీసుకు సెలవు చెప్పి బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. పియానో సంగీతం వినిపించింది. భానుమతి సోఫాలో కుడివైపు దిండు అదిమిపెట్టుకుని కూర్చుని, ఆ సంగీతం ఎంతకీ ఆగకపోయేసరికి, "గీ పాట అయిపోతె మాట్లాడ్తరా, లేకుంటె గిదే జవాబా?" అంది. చివరికి ఒక అమ్మాయి ఎత్తింది.

"ఈ నంబరులో మీరు చెప్పే మెయిల్ ఏదీ లేదండీ."

"మీ హెర్ పీటర్సన్ రాశారు. ఏప్రిల్‌లో. నా దగ్గరుంది."

"అయితే అది వేరే నంబరు కింద ఉంటుంది. అది ముగిసిన కేసు. ముగిసిన కేసులు మాకు తెరమీద కనబడవు."

"మరి ఎవరికి కనబడతాయి?"

"కేసు ముగిసింది కాబట్టి ఎవరూ చూడాల్సిన అవసరం ఉండదు" అంది ఆ అమ్మాయి ఓపిగ్గా. "మీరు ఇంకా ఏమైనా చెప్పుకోవాలంటే కొత్తగా రాయండి. కొత్త నంబరు ఇస్తాం."

ఈ మాటలు దశరథ్ ఎక్కడో విన్నాడు. ఎక్కడో ఏమిటి, తనే రాసి, తనే నేర్పించి, తనే గోడకు అతికించాడు. కంప్యూటరు పాడై ఏడ్చినంత పనిచేసిన మనుషులు ఎందరో ఇదే వాక్యం విని ఫోన్ పెట్టేశారు. వాళ్ళు ఏమనుకుని ఉంటారో ఈరోజు దాకా అతనికి తట్టలేదు. టీవీ పక్కన గాజు ఫలకం తళతళ మెరుస్తోంది.

"ఇంకేమైనా సహాయం కావాలా?" అంది ఫోనులో అమ్మాయి.

"లేదు. సారీ" అన్నాడు దశరథ్.

భానుమతి లేవలేక లేచి వంటగదిలోకి వెళ్ళింది. దేవుడి గూట్లోంచి కాగితం తెచ్చి కొడుకు ఒళ్ళో పెట్టింది.

"మీ నాయిన అర్జీలు రాసుడు నువ్వు సూసినవ్, నేను సూసిన. ఆయిన రాసింది మనిషికి రా. సారు ఎదురుంగ కూసునేటోడు. సిగ్గయితె సెవులు ఎర్రగయ్యేటియి. అందుకే మొకం కాపాడిండు. వీళ్ళకు మొకమేది, కాపాడనీకి? నంబరున్నది. నంబరుకు సిగ్గుంటదా?"

ఆమె మళ్ళీ దిండు అదుముకుంది. పైకి ఎగతాళి చేస్తున్నా ఆమె నుదుటి మీద చెమట పట్టి ఉంది. మూడోసారి వచ్చేదాకా ఆగొద్దన్న సర్జన్ మాట దశరథ్ చెవిలో మోగింది.

లాప్‌టాప్ తెరిచాడు. ఇప్పుడతను అర్జీదారు కాదు, ఫిర్యాదుల విభాగం మేనేజరు. ముగిసిన కేసులు ఎలా పూడ్చిపెడతారో తెలిసినవాడికి, అవి ఎలా లేస్తాయో కూడా తెలుసు. కొత్త ఉత్తరం రాస్తే కొత్త నంబరు పడుతుంది, కొత్త మనిషి చేతికి పోతుంది, ఆ మనిషి మొదటినుంచి మొదలుపెడతాడు. పాత మెయిల్‌కే జవాబు రాస్తే పాత నంబరుతో పోతుంది. అలా వచ్చిన జవాబు ముగిసిన కేసును దానంతటదే మళ్ళీ తెరుస్తుంది. తన ఆఫీసులో ఈ దారిని మూసేయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాడు, ఇంకా కుదరలేదు. బీమావాళ్ళకూ కుదరకపోయి ఉంటే బాగుండునని పటాలవైపు చూశాడు.

పీటర్సన్ మెయిల్ తీసి, దాని మీదే జవాబు మొదలుపెట్టాడు. మొదటి వాక్యం, "మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి." రాజ్యశ్రీ వెనకనుంచి చెయ్యి చాపి దాన్ని చెరిపేసింది. రెండోసారి, "బహుశా" అని మొదలైంది. అదీ చెరిపేసింది.

"అంతా చెరిపేస్తే ఇంకేం రాయాలి?"

"వెబ్‌సైటు గడిలో రాసినట్టు రాయండి. చోటు లేదనుకోండి."

అలా అనుకునేసరికి వచ్చేసింది. "ఈ నంబరు కింద మీరు నాకు ఇచ్చిన లిఖిత ధ్రువీకరణను గుర్తుచేస్తున్నాను. అందులో మీరు ఇలా రాశారు." కింద పీటర్సన్ వాక్యాలు యథాతథంగా, తేదీతో సహా. "ఆ మాట మీద నమ్మకంతోనే బీమాను ఖాళీ లేకుండా పొడిగించాను. శుక్రవారం మీరు పంపిన తిరస్కరణ దీనికి విరుద్ధంగా ఉంది. అపార్థం నాదని నేను రాసింది మర్యాద కోసం; దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఆపరేషన్ గురువారం. రేపు మధ్యాహ్నంలోపు తిరస్కరణను సరిదిద్ది ఆస్పత్రికి హామీపత్రం ఫ్యాక్సు చేయండి. కాదంటే ఏ నియమం కింద కాదంటున్నారో, పై ధ్రువీకరణ ఎందుకు చెల్లదో పేరుతో, సంతకంతో తెలపండి. అప్పుడు దీన్ని బీమా అంబుడ్స్‌మన్ ముందు పెడతాను." తిరస్కార పత్రం, పొడిగింపు రసీదు, డాక్టరు మొదటి రిపోర్టు జతచేశాడు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఒక ప్రతి పెట్టాడు. పంపే మీట నొక్కేటప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. సారు చెవులకు బదులు.

మంగళవారం పొద్దున మెయిల్ ఏమీ లేదు. పది దాటినా లేదు. దశరథ్ ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఫ్రావ్ కొవాల్స్కి, "ఫ్యాక్సులో ఒక పిజ్జా దుకాణం కరపత్రం తప్ప ఏమీ రాలేదు" అంది. రాజ్యశ్రీ అన్నం వార్చడం మరిచిపోయింది. భానుమతి మాత్రం, "గూట్ల కాయితం లేదు గదా, అందుకే దేవునికి యాదికి లేదు" అని దాన్ని మళ్ళీ పటాల పక్కన పెట్టించింది.

మధ్యాహ్నం కావడానికి కాస్త ముందు ఫ్రావ్ కొవాల్స్కి తనే ఫోన్ చేసింది. "వచ్చింది. రెండు పేజీలు. స్టాంపు కూడా ఉంది, మీ అమ్మగారిది కాదు. రేపు కరోనా పరీక్షకు తీసుకురండి."

ఆ వెంటే హెర్ పీటర్సన్ నుంచి మెయిల్. తను ఏప్రిల్‌లో రాసింది తనకు గుర్తున్నట్టు గానీ, మరిచిపోయినట్టు గానీ అందులో లేదు. "ఎటువంటి చట్టపరమైన బాధ్యతనూ అంగీకరించకుండా, కేవలం ఉదారతతో, ఈ ఒక్క సందర్భంలో, ఖర్చును భరించుటకు నిర్ణయించడమైనది."

"ఉదారత అంటే?" అంది భానుమతి.

"దయ అన్నమాట అమ్మా. దయతో ఇస్తున్నారంట."

"ఆఁ! ఇచ్చిన మాట మీద నిలబడుడుకు గీ దేశంల దయ అంటరా? ముందుగాలనే పైసలు తీస్కున్న దయ!"

దశరథ్‌కు వేళ్ళు దురద పెట్టాయి. మీ గొప్ప మనసుకు వేవేల కృతజ్ఞతలు అని రాయకుండా ఉండటం అతని వంశంలో ఇప్పటిదాకా జరగలేదు. మొదలుపెట్టాడు కూడా. తల్లి కేసి చూశాడు, పెళ్ళాం కేసి చూశాడు. చెరిపేసి, "అందింది. దశరథ్" అని పంపాడు. ఆ రెండు మాటలూ పంపాక మంచినీళ్ళు తాగాడు.

గురువారం భానుమతిని ఆస్పత్రి గుమ్మం దాకా దింపి వచ్చారు. కరోనా వల్ల లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. సాయంత్రం సర్జన్ ఫోన్ చేసి అంతా సవ్యంగా జరిగిందని, ఇంకొన్నాళ్ళు ఆగితే పిత్తాశయం పగిలేదేనని చెప్పాడు.

ఇంటికి పంపే రోజున, కొడుకూ కోడలూ బయట ఎదురుచూస్తుంటే, భానుమతి ఆస్పత్రి గుమ్మంలోకి నెమ్మదిగా నడిచి వచ్చింది. మాస్కు కింద మొహం పీక్కుపోయినా కళ్ళు మాత్రం దొంగను పట్టుకున్నట్టు మెరుస్తున్నాయి. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో పచ్చటి, గోధుమరంగు రాళ్ళు.

"నర్సమ్మ ఇచ్చింది. నీవేనమ్మా, కావాల్నా అన్నది. నావే గదా, తెచ్చుకున్న." డబ్బా ఊపి కొడుకు చెవి దగ్గర గలగలలాడించింది. "నువ్వు ఫ్రైబర్గ్‌ల రాళ్ళ సదువే సదివినవ్ కద. సూసి జెప్పు, ఇవి బీమాకు ముందు పుట్టినయా, తర్వాత పుట్టినయా?"

దశరథ్ వెలుతురులోకి ఎత్తి చూశాడు. రెండేళ్ళు రాళ్ళ వయసు లెక్కగట్టడం నేర్చుకున్నాడు. ఇవి మూడు నెలల్లో కట్టే రాళ్ళు కావని, జగిత్యాల నీళ్ళు తాగి, నెయ్యి తిని ఏళ్ళకేళ్ళుగా పెరిగినవని అతనికి చూడగానే అర్థమైంది. కానీ ఏప్రిల్‌లో నొప్పి పుట్టేదాకా అవి ఉన్నాయని ఎవరికీ తెలియదన్నదీ నిజమే.

"వీటికి పుట్టిన తేదీ ఉండదు అమ్మా" అన్నాడు.

"అయితే మూత గట్టిగ పెట్టు. గూట్ల పెడదాం." ఒక్కడుగు వేసి ఆగింది. "బొట్టు మాత్రం పెట్టకు. మల్ల ఎవరన్న స్టాంపు అనుకుంటరు."

వెనకనుంచి వస్తున్న ఒకాయన చక్రాల పెట్టె దశరథ్ పాదం మీదుగా వెళ్ళింది. దశరథ్ నోరు తెరిచాడు. రాజ్యశ్రీ అతని వంకే చూస్తోంది. అతను నోరు మూసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని, ఆయన సారీ చెప్పేదాకా అక్కడే నిలబడ్డాడు.